అడుగున పెట్టిన ఇన్సులిన్

రెండు వారాలకు ఊరికి వెళ్తూ మస్కట్ నుంచి చక్రాల చేతి బ్యాగు ఒక్కటే పట్టుకున్నాను. నాలుగు జతల బట్టలు చాలు, ఉతుక్కోవచ్చు. బరువైన బూట్లు కాళ్లకే వేసుకున్నాను.

"బరువున్నయి చక్రాల దిక్కు పెట్టు," అన్నాడు మా ఆయన. మందును చల్లగా ఉంచే జెల్ ప్యాకెట్లతో నా ఇన్సులిన్ సంచి బరువే కదా, అడుగుకు పోయింది.

విమానం ఎక్కే గేటు దగ్గర ఒకమ్మాయి నా బ్యాగుకు చీటీ కట్టేసి, సీట్ల పైన జాగా లేదు, కింద లగేజీలో వేస్తామని హిందీలో చెప్పింది. కింద చలికి గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు! వెనక వరుస విసుక్కుంటుంటే నేల మీదే బ్యాగు బోర్లించాను. లోదుస్తులు అందరి ముందూ పడ్డాయి, పడనీ. సంచి తీసుకున్నాకే బ్యాగు వాళ్లకిచ్చాను.

సీట్లో కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను. "ఇగ బరువు చూసి సర్ద. భయం చూసి సర్దుత."

ఇప్పుడు జిప్పు తీయగానే ఆ సంచే తగులుతుంది. అయినా గేటు దగ్గర ఒకసారి జిప్పు తీసి చూసుకుంటాను.