నీడ పడని కాపీ

మా బావకు మనుషుల ముఖాలు గుర్తుండవు, కాగితాలు గుర్తుంటాయి. ఇరవై రెండేళ్లుగా బస్టాండు పక్కన జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. ఎవరైనా "బాగున్నారా?" అంటే తెల్లమొహం వేస్తాడు. "పోయిన నెల ఇంటి కాగితాలు తెచ్చానండీ" అంటే మాత్రం "ఓ, మూల చిరిగింది, మీదే కదూ!" అని ముఖమంతా నవ్వుతాడు. మరక లేకుండా, నీడ పడకుండా కాపీ తీయడంలో తనను కొట్టేవాడు లేడని అతని నమ్మకం. ఆ మాట నిజమే కూడా. కాకపోతే మిషన్ ముసలిది, ప్రతి కాపీకీ కుడి అంచున వెంట్రుకంత గీత వేస్తుంది. అది తప్ప అంతా అద్దమే.

అతని భార్య, అంటే మా అక్క, బడిలో టీచరు. మోకాలి ఆపరేషన్ అయ్యాక బస్సు మెట్టు ఎక్కలేక నెలన్నరగా ఇంట్లోనే ఉంది. సోమవారం కూడా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని బడివాళ్లు చెప్పేశారు. అందుకే బావ ఒక పాత కారు చూశాడు. నేను కార్లకు రంగులేసేవాణ్ణి కాబట్టి నన్నూ వెంటేసుకుని శుక్రవారం పొద్దున వెళ్లాడు.

అమ్మేది ఓ కళ్లద్దాల షాపాయన. మర్యాదస్తుడు, చల్లటి మంచినీళ్లిచ్చాడు. కారు ఆర్సీ పుస్తకంలో పేరు ఆయనదే. బావ బానెట్ ఎత్తించి, చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. అంకెలు తేలాయి, పుస్తకంతో కలిశాయి. నేను ఫోన్లో బండి నంబరు కొట్టి చూస్తే మూడు చలాన్లు కనపడ్డాయి.

"అయ్యో, మర్చేపోయానండీ!" అని ఆయన మా ముందే కట్టేశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

అంతలో ఫోన్లో ఇంకో లైను కనపడింది. బండి మీద ఫైనాన్స్ కంపెనీ లోన్ అలాగే ఉంది.

"లోన్ తీరి ఏడాదైందండీ. ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఫైనాన్స్ వాళ్ల పేరు తీయించుకోలేదంతే. ఇదిగో, లోన్ తీరిందని వాళ్లిచ్చిన లెటరు" అని కాపీ ఒకటి తీశాడు. "అసలుది పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఎక్కడో పోయింది."

నా బుర్ర గిర్రున తిరిగింది. ఫోనేమో లోన్ ఉందంటుంది, కాగితమేమో తీరిందంటుంది. లోన్ తీరినా, తీయించుకోకపోతే రికార్డులో అలాగే ఉండిపోతుందన్న మాటా నిజమే. మరి దేన్ని నమ్మాలి?

బావ లెటరును వెలుతురుకు పట్టుకుని చూశాడు. మొహం విప్పారింది.

"ఒరేయ్, ఈ కాగితం నాకు తెలుసురా. ఎక్కడో చూశాను. మంచి కాగితం."

"కాగితం మంచిదేంటి బావా? మనిషిని చూడు."

"మనిషిదేముంది, అడ్వాన్స్ ఇచ్చేద్దాం. సోమవారం దగ్గరకొచ్చేసింది."

నేను ససేమిరా అన్నాను. సాయంత్రం దాకా గడువడిగి, లెటరును ఫోటో తీసుకుంటానన్నాను. ఫోటోలో అక్షరం సరిగ్గా రాదంటూ బావ ఆ కాపీనే అడిగి తీసుకున్నాడు. కళ్లద్దాలాయన ఒక్క క్షణం తటపటాయించి, ఇచ్చాడు.

ఫైనాన్స్ ఆఫీసులో కౌంటరు అమ్మాయి లెటరు నంబరు కంప్యూటర్లో కొట్టింది. మళ్లీ కొట్టింది.

"వేరేవాళ్ల లోన్ సంగతులు మేం చెప్పకూడదండీ. కానీ ఈ లెటరు మాదే, ఈ బండికి ఇచ్చింది మాత్రం కాదు."

"లెటరు మీదే, బండికి కాదంటే ఏంటమ్మా?" అన్నాడు బావ అయోమయంగా.

"ఇంకెవరి లెటరు మీదో ఈ పేరూ బండి నంబరూ ముక్కలు కోసి అతికించి, కాపీ తీశారు." ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "అతికిస్తే అంచు నీడ పడుతుంది కదా. ఇక్కడ ఇంత కూడా లేదు. ఎవరో పనిమంతుడే తీశాడు."

బావ ఆ కాగితం తీసుకున్నాడు. కుడి అంచున వెంట్రుకంత గీత అప్పుడు కనపడింది, అతనికీ నాకూ ఒకేసారి. నాకు కోపం రావాల్సింది, జాలేసింది.

"ఇది తెచ్చినవాడు నీడ పడుతోందన్నాడురా," అన్నాడు బావ. "నాలుగుసార్లు తీశాను. వెలుతురు పెంచాను, తగ్గించాను. కాపీ శుభ్రంగా వచ్చేదాకా వదల్లేదు. తలెత్తి ఎవరని చూడలేదు. ఏముందో చదవలేదు."

సోమవారం పొద్దున షాపు తెరవలేదు. బస్సు మెట్టు దగ్గర అక్క నడుం పట్టి పైకెక్కించి, తనూ ఎక్కి, బడి దాకా వెళ్లాడు. దారిలో అక్క అడిగిందట, కారు ఏమైందని.

"లోన్ తీరలేదు," అని ఊరుకోబోయి, మళ్లీ ఆమె ముఖంలోకి చూసి చెప్పాడట, "తీరిందని చూపించిన దొంగ కాగితం కాపీ తీసింది నేనే."