కారం సిస్టరూ, పద్దెనిమిది రోజుల పిల్లా

మా పిల్లల వార్డు హెడ్ నర్సుని వెనకాల అందరం కారం సిస్టర్ అంటాం. ఎదురుగా అనే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇరవై ఆరేళ్ళుగా అదే వార్డు, అదే నోరు. ట్రేలో ఒక్క దూది ఉండ తగ్గినా మన ఏడు తరాలనీ తలుచుకుంటుంది. డాక్టరునైన నాకూ ఆవిడ పేరెత్తితే ఒళ్ళు మండేది.

ఓ పొద్దున పద్దెనిమిది రోజుల పిల్లని తెచ్చారు. ఇంట్లో నూటొకటి జ్వరం ఉందట. మా దగ్గర కొలిస్తే లేదు. పాలు తాగుతోంది, కళ్ళు విప్పి చూస్తోంది. నెల నిండని బిడ్డకి ఇంట్లో కొలిచిన జ్వరమూ లెక్కే కాబట్టి క్రిములు పెరుగుతాయేమో చూడ్డానికి రక్తం కల్చరుకి పంపాం, గొట్టం వేసి మూత్రం తీశాం. మూత్రంలో చీము కణాలు కనబడ్డాయి. హమ్మయ్య, కారణం దొరికిందని కేసు షీటులో ‘వెన్నునీటి పరీక్ష అక్కర్లేదు’ అని రాసిపారేశాను. వెన్నులో సూది అనగానే కాళ్ళు పడిపోతాయని పిల్ల నాయనమ్మ శోకాలు పెట్టింది. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేకపోయింది. అసలు నిజం అదీ.

సిస్టర్ షీటు నా ముందు విసిరింది.

“ఇదేంటి బాబూ?”

“ఇన్ఫెక్షన్ మూత్రంలో ఉంది కదా సిస్టర్.”

“ఉంటే? మెదడు పొరల్లోకి పోలేదని నీకెవరు చెప్పారు? ఈ వయసులో మెడ బిగుసుకోదు, బిడ్డ చూడ్డానికి బానే ఉంటుంది. ముసలావిడ ఏడ్చిందని చదివిందంతా గాలికొదిలేశావా?”

“ఇక్కడ డాక్టర్ని నేను” అన్నాను, సిగ్గులేకుండా.

“అయితే ఆ పని చెయ్యి!”

సిస్టరే నాయనమ్మ దగ్గరికెళ్ళి అదే గొంతుతో, “అమ్మా, వెన్నుపాము పైనే ఆగిపోతుంది. సూది దాని కిందకి, నీళ్ళున్న చోటికి గుచ్చుతారు. కాళ్ళేం పడిపోవు. చెయ్యకుండా వదిలేస్తేనే చెవులు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు” అంది. తల్లి గబగబా సంతకం పెట్టేసింది.

సిస్టర్ పిల్లని ముడిచి పట్టుకుంది. నేను సూది గుచ్చాను. తేటగా రావలసిన నీళ్ళు బియ్యం కడిగినట్టు మసగ్గా వచ్చాయి. ఇన్ఫెక్షన్ మెదడు పొరల్లోకీ పోయిందన్నమాట, మెనింజైటిస్. వెంటనే యాంపిసిలిన్, సెఫోటాక్సిమ్, దానికిచ్చే పెద్ద మోతాదులో ఎక్కించాం. నేను రాసిందే సాగి ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి సరిపడా తక్కువ మందు, తక్కువ రోజులు ఇచ్చి, చేతులు దులుపుకుని ఇంటికి పంపేసేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మందులు ఇరవై ఒక్క రోజులు నడిచాయి. వినికిడి పరీక్ష కూడా బాగానే వచ్చింది. ఇంటికెళ్ళే రోజు తల్లి పిల్లని నా చేతుల్లో పెట్టి దణ్ణం పెట్టింది.

“మీరు సమయానికి పరీక్ష చెయ్యబట్టి బతికింది డాక్టరుగారూ.”

సిస్టర్ పక్కనే ఉంది, ఒక్క మాట అనలేదు. ఆ నోరు అప్పుడే మూతపడాలా!

“వద్దని రాసింది నేనేనమ్మా. చేయించింది ఈవిడ” అన్నాను.

తల్లి చేతులు దించేసింది. తర్వాత పిల్లని నా చేతుల్లోంచి తీసేసుకుంది.