గేటు కార్డులో భర్త పేరు

ఎర్రన్న గేటు దగ్గర నిలబడి ఉంటే మేనేజరుగారి భార్య బుట్టకైనా మూత తీయక తప్పేది కాదు. విజయనగరానికి ఆరు మైళ్ళ అవతల ఒక చిన్న గోనెసంచుల మిల్లు. దాని ప్రహరీ లోపలే క్వార్టర్లు. అన్నిటికీ కలిపి ఒకే గేటు. నేను మిల్లు వాళ్ళ బడిలో టీచర్ని, తొమ్మిదో నంబరు క్వార్టర్లో అద్దెకుండేదాన్ని. ఒకరోజు నా సంచిలోని పరీక్ష కాగితాలు కూడా ఎర్రన్న దులిపి చూశాడు. ఆరోజు అతణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఓపిగ్గా విని, "అయిపోయిందా టీచరమ్మగోరూ? ఎల్లండి" అన్నాడు.

అరవై ఎనిమిది వేసవిలో మా అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. అప్పటిదాకా ఉన్న వంటమనిషి కూతురి దగ్గరికి కోటబొమ్మాళి వెళ్ళిపోయింది. నేను బడికి వెళ్తే అమ్మకి గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. ఎవరినైనా చూడమని ఎర్రన్ననే అడిగాను. రెండు రోజులు నానబెట్టి, మూడోరోజు ఒకామెను బడికి పంపించాడు. బడి ప్రహరీకి బయట, రోడ్డు పక్కన ఉండేది.

"బుల్లమ్మని. మా ఊరి మనిసే, నమ్మకమైంది అని సెప్పమన్నారు గేటుకాడి..." అని పేరు దగ్గర ఆగి నాలిక కరుచుకుంది. నేను పట్టించుకోలేదు. నలభై ఏళ్ళుంటాయి. ఊడుపులకి వెళ్ళేదట, మోకాళ్ళ నొప్పులతో బురదలో దిగలేకపోతోందట. మాట నెమ్మది, మనిషి శుభ్రం. నాకంతకంటే ఏం కావాలి?

బయటి మనిషిని లోపలికి రానివ్వాలంటే క్వార్టర్లో ఉండేవాళ్ళే అర్జీ పెట్టాలి. పనిమనిషి పేరు, వయసు, భర్త పేరు, ఊరు, ఏ పని, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, అన్నీ రాయాలి. మనిషిని ఎరిగినవాడు ఒకడు ఆఫీసులో నిలబడి అవునని చెప్పాలి. అప్పుడు క్వార్టరు నంబరు వేసి కార్డిస్తారు. ఆమె ఏం చేసినా జవాబుదారీ మనదే. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మూట విప్పి చూపించాలి, మనం ఏదైనా ఇస్తే చీటీ రాసివ్వాలి. గేటు కాపలావాళ్ళ చుట్టాలకి మాత్రం కార్డు ఇవ్వరు. తన వాళ్ళ మూటని ఎవడు సరిగా విప్పుతాడు? అది మంచి నియమమేనని ఇప్పటికీ అంటాను.

అర్జీలో భర్త పేరు దగ్గర కలం ఆపి అడిగాను. బుల్లమ్మ తల దించుకుని నవ్వింది. మొగుడి పేరు నోటితో అనే ఆడది ఆ రోజుల్లో ఎక్కడుంది? ఆఫీసులో ఎవరో ఒకరు చెప్తారులే అని ఖాళీ వదిలేశాను. ఎర్రన్నని అడగాలని తట్టకపోవడం నా బుద్ధితక్కువ.

ఆఫీసులో గుమాస్తా సత్యం అర్జీ చూసి, "మొగుడి పేరేటి?" అన్నాడు. బుల్లమ్మ తల దించుకుంది. సత్యానికి ఇది రోజూ ఉండేదే. సాక్షిగా వచ్చి పక్కన నిలబడ్డ ఎర్రన్న వైపు తిరిగి, "నీకు తెలుసు గదా, నువ్వు సెప్పు" అన్నాడు.

ఎర్రన్న గోడవైపు చూశాడు. "ఎల్లాజీ అండి" అన్నాడు.

బుల్లమ్మ చటుక్కున తలెత్తి అతని మొహంలోకి చూసింది. మళ్ళీ దించేసింది. సత్యం రాసేశాడు. ఆఫీసరు నరసింగరావుగారు సంతకం పెట్టారు. నేను సంబరపడుతూ కార్డు తీసుకున్నాను.

బుల్లమ్మ చేతిలో ఏముందో గానీ మా అమ్మ మళ్ళీ లేచి కూర్చుంది. ఎడం చేత్తో తనే కలుపుకుని తినడం మొదలెట్టింది. నేను బడిలో నిశ్చింతగా పాఠాలు చెప్పుకున్నాను. ఒక్కటే చిరాకు. సాయంత్రం బుల్లమ్మ వెళ్ళేటప్పుడు ఎర్రన్న అందరికన్నా ఆమె మూటనే ఎక్కువ గాలించేవాడు. కొంగు ముడి కూడా విప్పించేవాడు.

కార్తీకమాసంలో ఓ రోజు వంకాయ కూర మిగిలితే గిన్నెలో పెట్టి ఇచ్చాను. చీటీ రాయడం మరిచిపోయాను. ఎర్రన్న ఆ గిన్నెని గేటు దగ్గరే పెట్టించేశాడు. మర్నాడు నేను అతని మీద విరుచుకుపడబోతుంటే బుల్లమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది.

"తిట్టకండమ్మా. ఆ కూర ఆడు తినీదే."

నాకర్థం కాలేదు.

"ఆయన మా ఇంటాయనే" అంది. "సుట్టరికం సెప్తే కార్డు రాదని ఆ యాల ఎవుడి పేరో అనేసినాడు. మా ఊరినించి మిల్లుకొచ్చీది ఆడొక్కడే, ఎవులికీ తెల్దు. తప్పు సేసినానని నా మూటే ఎక్కువ ఎతుకుతన్నాడు."

"ఇంటి దగ్గర ఏమంటాడు?"

"ఏటంటాడు? అన్నం ఎడతన్నాను, తింతన్నాడు. పిలిస్తే నాను పలకడం నేదు. ఎల్లాజీ పెళ్ళాన్ని గదా, పరాయోడు పిలిస్తే నానెందుకు పలకాల?"

నవ్వుతూ అనబోయింది గానీ కళ్ళు నిండిపోయాయి. ఆ రోజే వెళ్ళి ఆఫీసులో చెప్పాల్సింది. అర్జీ నాది, సంతకం నాది. చెప్పలేదు. మంచం మీద అమ్మని చూసి నోరు మూసుకున్నాను. నా పిరికితనానికి అమ్మని అడ్డం పెట్టుకున్నానని అప్పుడే తెలుసు నాకు.

జనవరిలో కార్డులు మార్చాలి. పనివాళ్ళందరినీ ఆఫీసు వరండాలో నిలబెట్టి సత్యం ఒక్కొక్కరి పేరూ చదివి అవుననిపించుకుని కొత్త కార్డు ఇస్తున్నాడు. క్వార్టర్ల వాళ్ళమూ ఉండాలి కనుక నేనూ నిలబడ్డాను. వరస సరిచూస్తూ ఎర్రన్న గుమ్మం దగ్గరున్నాడు.

"తొమ్మిదో నంబరు. ఎల్లాజీ భార్య బుల్లమ్మ, వంటమనిషి. అవునా?"

తల ఊపితే సరిపోయేది. ఏడాదిపాటు మళ్ళీ ఎవరూ అడగరు.

"కాదు" అంది బుల్లమ్మ.

సత్యం తలెత్తాడు. "మరి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది. "ఎర్రన్న" అంది. "నాను ఎర్రన్న పెళ్ళాన్ని."

పాతికేళ్ళ కాపురంలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. వరసలో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. సత్యం ఇంకా తెల్లమొహం వేసుకుని, "ఏ ఎర్రన్న?" అన్నాడు.

గుమ్మం దగ్గరనుంచి ఎర్రన్న వచ్చాడు. "ఇంకోపాలి దాని సేత అనిపించకండి బాబూ. ఆ ఎర్రన్నని నానే."

నరసింగరావుగారు బయటికొచ్చి అంతా విన్నారు. కేకలు వేయలేదు. "ఇరవై ఏళ్ళుగా నీ మీద ఒక్క మాట రాలేదు, ఎర్రన్నా. ఈ అబద్ధం ఎందుకు చెప్పావు? ఇప్పుడు నేనేం చెయ్యాలి? నువ్వు గేటు దగ్గరుంటే ఆమెకి కార్డు ఇవ్వలేను" అన్నారు.

ఎర్రన్న ఒకసారి బుల్లమ్మ మోకాళ్ళ వైపు చూశాడు. ఖాకీ కోటు గుండీలు విప్పాడు. కోటు మడతపెట్టి సత్యం బల్ల మీద పెట్టాడు. "బేళ్ళ గోడౌన్లో మనుసులు కావాలన్నారు గదా. నన్ను అక్కడికి తోసీండి. కార్డు దానికీండి."

"అదేటి! బేళ్ళు మోసీ ఒయసా నీది? కార్డు నాకొద్దు బాబూ, ఆ కోటు ఆడికిచ్చీండి" అని బుల్లమ్మ ఏడ్చింది.

నరసింగరావుగారు నావైపు చూశారు. అర్జీ పెట్టింది నేను. నాకు కార్డు వద్దు, అర్జీ వెనక్కి తీసుకుంటాను అని ఒక్కమాట అంటే అతని కోటు అతనికి దక్కేది. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది. పదకొండు గంటలకి అమ్మకి గంజి కాచివ్వాలి. నేను నేల చూశాను.

సత్యం పాత పేరు కొట్టేసి, పైన "ఎర్రన్న భార్య" అని రాసి కార్డు నావైపు చాపాడు.

తీసుకున్నాను.