మూడు క్యాసెట్లు, ఒక కిరోసిన్ గుడ్డ

ఆ కాలంలో పాట వినాలంటే ముందు దాన్ని సంపాదించుకోవాలి. ఎనభైల చివర ఆదోనిలో పాట మా దగ్గరికి రావడానికి రెండే దారులు: ఇంట్లో రేడియో, వీధిలో పెళ్ళివాళ్ళ మైకుసెట్టు. ఈ రెండిట్లోనూ రాని పాట నేను వింటున్నానని చెప్పుకోవడమే ఇరవయ్యో ఏట నాకున్న ఒకే ఒక్క గొప్ప. మిగతావన్నీ మామ దయ. మామ అంటే మా అమ్మ తమ్ముడు, పత్తి నుంచి గింజ వేరు చేసే జిన్నింగు మిల్లులో హెడ్ ఫిట్టరు. అదే మిల్లులో నా గుమాస్తా ఉద్యోగం ఆయన ఇప్పించిందే, తిండి ఆయన ఇంట్లోనే. మిల్లులో ఆయన్ని అందరూ 'చెవి మామ' అనేవాళ్ళు. ఏ మిషన్ మొరాయించినా పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఎడమపక్క రెండోది అరిగింది, మార్చండి" అనేవాడు. విప్పి చూస్తే అరిగే ఉండేది. ఆ చెవి మీద నాకు గౌరవం ఉండేది కానీ, అది నా మీదకు వచ్చేదాకానే.

బెంగళూరులో ఇంజనీరింగు చదివే స్నేహితుడు ఒకడుండేవాడు. ఆదోని పత్తి వ్యాపారుల పిల్లాడే, అక్కడికి వెళ్ళి జుట్టు భుజాల దాకా పెంచాడు కాబట్టి వాణ్ని జులపాలోడు అనేవాళ్ళం. వాడి కాలేజీలో ఒక గుంపు ఉండేది. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళతోనో ఉత్తరాలు రాసుకుని, ఒకరి క్యాసెట్టు ఒకరు కాపీ చేసుకుని పోస్టులో పంపుకునేవాళ్ళు. అలా చేతులు మారి మారి వచ్చిన మూడు క్యాసెట్లు వాడు నాకు పంపాడు. మూడూ ఒకే రకం ఖాళీ క్యాసెట్లు. వాటి మీద బాల్‌పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని మాత్రమే రాసి ఉంది. ఒకటోది త్రాష్, రెండోది డెత్, మూడోది బ్లాక్; మూడూ హెవీ మెటల్ అనే విదేశీ గిటారు మోతలో రకాలే. ఏది ఎలా ఉంటుందో నాలుగు పేజీల ఉత్తరం కూడా రాశాడు. చివర్లో, "మూడు వారాల్లో వస్తాను. కాపీ చేసుకో. కానీ ఏది ఏమిటో తెలియని వాడికి నేను క్యాసెట్లు ఇవ్వను, వచ్చినప్పుడు అడుగుతాను" అని బెదిరింపు. ఆ ఉత్తరం నేను పరీక్షకు చదివినట్టు బట్టీపట్టాను. (పరీక్షలకు అలా చదివి ఉంటే గుమాస్తా అయ్యేవాణ్ని కాదని మా అమ్మ తరువాత అన్నది.)

కాపీ చెయ్యాలంటే రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరు కావాలి. మా వీధి మొత్తానికి అది మామ దగ్గరే ఉంది, శనివారం భజన రికార్డు చేసుకోవడానికి కొన్నది. అడిగితే కాదనలేదు. ముందు మూడూ వరుసగా ఒక్కో నిమిషం విన్నాడు. విని, నా మొహం చూసి, "ఇదేందో నాకు అర్థమయ్యేటట్టు సెప్పు. అర్థమైతే మిషన్ ఇస్తా. కాకుంటే దీన్ని చెడగొట్టుకునే పని నాకు లేదు" అన్నాడు. పది నిమిషాల పని అనుకున్నాను. రెండు వారాలు పట్టింది.

"మామా, ఒకటోది త్రాష్. గిటారులో లావు తీగ మీద అరచేతి అంచు ఆనించి పెట్టి, పైనుంచి కిందికే గట్టిగా గీస్తారు. అందుకే మోత సాగదు, ముక్కలు ముక్కలుగా తెగుతుంది. డ్రమ్ము పరుగెత్తుతుంది. పాడేవాడు అరుస్తాడు గానీ మాట తెలుస్తుంది. రికార్డింగు పొడిగా, పదునుగా ఉంటుంది."

"ఆ అరిసేది దేనికప్పా?"

"కోపం మామా."

"ఎవరి మీద?"

ఉత్తరంలో అది లేదు. రెండోదానికి వెళ్ళాను. "ఇది డెత్. తీగలు వదులు చేసి శ్రుతి బాగా కిందికి దించుతారు, బరువుగా ఉండేటట్టు. ఒకే తీగను పైకీ కిందికీ గబగబా మీటుతుంటే స్వరాలు పక్కపక్క మెట్ల మీదే పాకుతుంటాయి. ఉన్నట్టుండి వేగం మారిపోతుంది. రెండు కాళ్ళతో పెద్ద డ్రమ్ము కొడతారు. గొంతు అడుగునుంచి గురగురమని వస్తుంది, మాట తెలియదు."

"మాట తెలీకుంటే రాసినోడు యాల రాసినాడు?"

"రాసుకున్నాడు మామా, వాడి ఇష్టం."

"సరే, మూడోడు?"

"బ్లాక్. గొంతు పైన ఉంటుంది, కీచుమని గీరుకుపోయినట్టు. గిటారు ఆపకుండా ఒకే తీరుగా గీస్తూనే ఉంటారు, తెగదు, దుప్పటి కప్పినట్టు పరుచుకుంటుంది. డ్రమ్ము కూడా ఒకే దెబ్బ మీద పోతానే ఉంటుంది. రికార్డింగు పచ్చిగా ఉంటుంది. లావు మోత వినబడదు, అంతా నేలమాళిగలో దూరంగా వాయించినట్టు."

మామ ఇక్కడ ఆగిపోయాడు. "ఈ టేపు మిషన్ హెడ్డుకు మురికి పట్టిందిరా. స్పిరిట్ పెట్టి తుడిస్తే సరిపోతాది."

"మురికి కాదు మామా, అది అంతే. మొదట మంచి స్టూడియో లేక అలా చేశారు, తరువాత ఆ పచ్చిదనమే బాగుందనుకున్నారు."

"బాగలేనిది బాగుందనుకున్నారా?"

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. కంచం ముందు కూర్చుంటే, "కీచుమనేటోడు రెండోడే కదా?" అని అడిగేవాడు. కాదు, మూడోడు. మిల్లులో జిన్నులన్నీ తిరుగుతుంటే ఆ రొదలో నా బల్ల దగ్గరికి వచ్చి చెవిలో, "అరచెయ్యి ఆనించేది ఎవరు?" అని అరిచేవాడు. ఒకటోడు. హెడ్ గుమాస్తా మా ఇద్దరినీ చూసి ఏదో కుటుంబ తగాదా అనుకున్నాడు. ఒకరోజు వేగం పట్టుకున్నాడు. "మూడూ జోరుగానే పోతాండాయి కదా, జోరు చూసి ఎట్ల తెలుసుకునేది?" అన్నాడు. జోరు ఒక్కటే చూస్తే తెలియదు మామా, త్రాష్‌లో దెబ్బ లెక్కపెట్టొచ్చు, డెత్‌లో జోరు తెగి మళ్ళీ అందుకుంటుంది, బ్లాక్‌లో మారకుండా సాగుతుంది అని చెప్పి, గోడకు తల ఆనించుకున్నాను. ఆయన మాత్రం మళ్ళీ క్యాసెట్టు పెట్టి, తొడ మీద దరువు వేస్తూ, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఈ మనిషికి ఈ జన్మలో అర్థం కాదని నేను తీర్మానించుకున్నాను. చివరికి విసుగెత్తి, "కాపీ ఆదివారం పొద్దున చేసుకుంటాను, అర్థమైనా కాకపోయినా" అన్నాను. "చేసుకోప్పా" అన్నాడు, నా మీద జాలిపడ్డట్టు.

శనివారం సాయంత్రం అమ్మను చూడ్డానికి ఎమ్మిగనూరు వెళ్ళాను. ఆదివారం మొదటి బస్సుకు తిరిగి వచ్చేసరికి అరుగు మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద నా మూడు క్యాసెట్లు తళతళా మెరుస్తున్నాయి. ఇల్లంతా కిరోసిన్ వాసన. మామ చేతిలో గుడ్డ.

"నాలుగు మూలలా మరలు విప్పి సూస్తే లోపలంతా పత్తి నుసిరా. అంతా ఊదేసి బిగించినా. పైన కూడా జిడ్డుంటే తుడిచినా."

ఆ జిడ్డుతోపాటు ఒకటి, రెండు, మూడు కూడా పోయాయి. మిల్లులో ఏ సామాను చేతికొచ్చినా కిరోసిన్ గుడ్డతో తుడిచే మనిషి, క్యాసెట్టును మాత్రం ఎందుకు వదులుతాడు. ఏడుపు వచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. పెట్టి విని గుర్తులు వేసుకుందామని లేచానో లేదో, వీధి తలుపు దగ్గర జులపాలోడు.

సంగతి విని వాడు క్యాసెట్టు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తరువాత నా వైపు చూశాడు. "సరే. ఏది ఏమిటో నువ్వే సెప్పు. సెప్తే మూడూ నీ దగ్గరే ఉంచుకో, ఇంకా పంపుతా. సెప్పలేకుంటే తీసుకుపోతా, ఇంక అడగొద్దు."

చేతికందింది ఒకటి పెట్టాడు. ముక్కలుగా తెగే గిటారు, స్పష్టమైన దెబ్బ, అరుపు. "త్రాష్" అన్నాను. తల ఊపాడు. నా ఛాతీ కొంచెం పొంగింది. ఇంకోటి పెట్టాడు. మీట నొక్కగానే బుస్సుమని రొద, ఆ రొద అడుగున ఏదో గిటారు. పచ్చి రికార్డింగు, దూరం, నేలమాళిగ. ఉత్తరంలోని వాక్యం మొత్తం నా కళ్ళ ముందు కనబడింది. గొంతు వచ్చేదాకా కూడా ఆగలేదు. "బ్లాక్" అన్నాను, బడిలో చెయ్యెత్తే పిల్లాడిలాగా.

జులపాలోడు పాట ఆపి, మిగతా రెండు క్యాసెట్లూ తన వైపు లాక్కున్నాడు.

"అది కాదురా" అన్నాడు గుమ్మంలోంచి మామ. చేతులు తుడుచుకుంటూ వచ్చి పాట వెనక్కి తిప్పమన్నాడు. "పాట మొదలు కాకముందు కూడా ఆ బుస్సు ఉండాది, ఇను. పాట ఆగినా పోదు. అంటే అది కాపీ మీద కాపీ చేసినందుకు క్యాసెట్టుకు పట్టిన మురికి. పాటది కాదు. ఆ మురికి పక్కన పెట్టి లోపల ఇను. తీగ కిందికి దించినారు, స్వరం పక్కపక్కనే పాకతాండాది. ఇప్పుడు జోరు తెగుతాది సూడు." జోరు తెగింది. వెంటనే గొంతు అడుగునుంచి ఆ గురగుర లేచింది. "రెండోడు. డెత్తు."

జులపాలోడు మిగిలింది పెట్టాడు. మామ వేలెత్తాడు. "ఈడ సూడు, పాటకు ముందు సప్పుడు లేదు, శుభ్రంగా ఉండాది. పాటతోనే మురికి వచ్చింది, పాటతోనే పోతాది. అంటే వాళ్ళు కావాలనే చేసుకున్నారు. గిటారు తెగదు. ఇప్పుడు కీచుమంటాడు." కీచుమన్నాడు. మామ జులపాలోడి వైపు తిరిగాడు. "నీ స్నేహితుడు రెండు వారాలు చెప్పింది ఇదే నాయనా. బాగా చెప్పినాడు. వాడే ఇనలేదు."

జులపాలోడు లేచి నిలబడి మామకు నమస్కారం పెట్టాడు. నాకు పెట్టలేదు. క్యాసెట్లు మా ఇంట్లోనే ఉంచాడు, కానీ మామ చేతికిచ్చి వెళ్ళాడు. నెల తిరిగేసరికి ఇంకో పార్శెలు వచ్చింది. దాని మీద ఉన్నది మామ పేరు. లోపల చీటీలో, "పెద్దాయనా, విని, మీ అల్లుడికి కూడా అర్థమయ్యేటట్టు చెప్పండి" అని ఉంది. అవి నేను మామ అనుమతి తీసుకునే వినేవాణ్ని. కోపంతో ఒక వారం మాట్లాడలేదు కూడా. ఆయన గమనించలేదు, తొడ మీద దరువు వేసుకుంటున్నాడు.

ముప్పై ఏళ్ళ జిన్నుల రొద మామ చెవులను తినేసింది. రిటైరయ్యాక ఎంత గట్టిగా పిలిచినా పలకడు. పోయిన వేసవిలో చూడ్డానికి వెళ్ళి, ఊరికే, ఏదని చూడకుండా, స్పీకరు పెట్టెలో ఆ పాత పాటల్లో ఒకటి పెట్టాను. ఆయనకు వినబడలేదు కానీ నా తల ఊగడం కనబడింది. లేచి వెళ్ళి, సామాన్ల పెట్టెలోంచి ఆ పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. మొన స్పీకరు మీద పెట్టి, పిడి చెవి వెనక ఎముకకు అదురు తెలిసేటట్టు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. నేను లోలోపల బ్లాక్ అనుకున్నాను.

"రెండోడు" అన్నాడు మామ.

ఈసారి గొంతు వచ్చేదాకా ఆగాను. రెండోడే.