కింది నుంచి పైకి చదివిన ఫలితాలు

మా కాలంలో మెట్రిక్ ఫలితాలు పత్రికలో పడేవి. తప్పినవాళ్ల నంబర్లు ఎక్కడా వేసేవారు కాదు. పాసైనవాళ్లవే మూడు తరగతులుగా వేసేవారు, మొదటిది పైన, మూడోది కింద. మన నంబరు కనబడకపోవడమే మనకు కబురు. ఇంత మర్యాదలేని పద్ధతిని నేను మళ్లీ చూడలేదు.

లెక్కల పరీక్షలో సగం ప్రశ్నలు ముట్టుకోకుండా లేచి వచ్చాను. ఒక్క సబ్జెక్టులో కనీస మార్కులు రాకపోతే, మిగతావాటిలో ఎన్ని వచ్చినా మొత్తం తప్పినట్టే. ఆ రోజే ఇంట్లో చెప్పాను. "రాసినోళ్లంత గట్లనే అంటరు" అని నాయనమ్మ కొట్టిపారేసింది. పెద్దనాయన మాత్రం తీర్పు ముందే చెప్పేశాడు: పాసైతే కాలేజీ, తప్పితే చదువు బందు.

ఫలితాలు వచ్చిన ఉదయం గౌలిపురలోని మా ముందుగదిలో బాపు ఉర్దూ పత్రిక విప్పాడు. పెద్దనాయన, పక్కింటి చాచా చెరోవైపు కూర్చున్నారు. పర్దా వెనుక నేనూ నాయనమ్మా. బాపుకు భయమెక్కువ. పైనుంచి చూసే ధైర్యం లేక అడుగు నుంచి మొదలుపెట్టాడు.

మూడో తరగతిలో నా నంబరు లేదు.

"లేదా? అయితే సెకండ్ల ఉంటది," అన్నాడు హుషారుగా.

సెకండులోనూ లేదు.

"అరే భాయ్, బిటియా ఫస్టు కొట్టింది!" చాచా తొడ చరిచాడు.

"పేడాలు తెప్పియ్యిరా!" నాయనమ్మ లోపలి నుంచే కేకేసింది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నేను ఫేలు, నాయనమ్మా."

"నోరు మూస్కో. దిష్టి తగుల్తది."

నా నంబరు లేని ప్రతి వరుసకూ ఇల్లు పొంగిపోతోంది. పారిపోదామంటే వాకిలికి దారి ఆ గదిలోంచే. మొదటి తరగతి జాబితా చిన్నది. బాపు వేలు దాని మీదుగా రెండుసార్లు పోయి, పత్రిక పేరు దగ్గర ఆగింది.

"అచ్చుతప్పు," అన్నాడు చివరికి. "పిల్ల ఫస్టే. ప్రెస్సోళ్లు నంబరు మింగిన్రు."

"హౌ, అఖ్బారోళ్లకు మస్తు లాపర్వాయి," పత్రికవాళ్ల నిర్లక్ష్యానికి చాచా తలూపాడు.

పెద్దనాయన బాపు వైపు ఒక చూపు చూశాడు. మాట్లాడకుండానే మనిషిని నిలబెట్టి కడిగే విద్య ఆయనకు వచ్చు.

ఆ అబద్ధం గడప దాటితే నా పని అయిపోయినట్టే. కాలేజీలో చేరదామంటే చేతిలో సర్టిఫికెట్టు ఉండదు. పాసైన పిల్ల మళ్లీ అదే క్లాసులో ఎట్లా కూర్చుంటుంది? పరీక్షకు మళ్లీ దరఖాస్తు ఎట్లా పెడుతుంది? లెక్కలు ఒక్కటే కాదు, అన్ని పేపర్లూ తిరిగి రాయాలి. బాపు నన్ను కాపాడుతున్నాననుకుని బయటి నుంచి గడియ పెడుతున్నాడు.

పర్దా తీసి వాళ్ల ముందు నిలబడ్డాను.

"అచ్చుతప్పు కాదు బాపూ. లెక్కల్ల ఫేలయిన. మళ్లా రాస్త."

బాపు తలెత్తలేదు. "పర్దా వెయ్యి," అన్నాడు.

"నేర్చిందంతా గీ నోరేనా?" అన్నాడు పెద్దనాయన.

"నోటికి పరీక్ష పెడితే ఫస్టే వస్తుంటి, పెద్దనాయనా."

చాచా దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. బాపు మాత్రం "పర్దా వెయ్యమన్న" అన్నాడు మళ్లీ, ఈసారి మెల్లగా.

వేశాను. ఇవతల, వాళ్ల గదిలోనే నిలబడి వేశాను.