ఏడో మూకుడు సీసా

మా వీధిలో పెద్దమ్మ మాటంటే మాటే. కొబ్బరి ఉండలు పది రోజులుంటాయని ఆవిడ అన్నాక తొమ్మిదో రోజు ఎవరూ పారేయరు, పదకొండో రోజు ఎవరూ తినరు. ముప్పై ఏళ్లుగా పండుగ ముందు వారమంతా ఆవిడ వంటింట్లోంచే వీధికి పిండివంటలు వెళ్తాయి. ఆవిడ అసలు పేరు పోస్టు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

నాకు ఆ ఇంట్లో ఉన్న ఉద్యోగం డబ్బాల మీద అంటించే చీటీలు రాయడం. పగలు ఆఫీసులో టైపు కొట్టి, సాయంత్రం అక్కడ చేత్తో రాస్తాను. అచ్చు చీటీలు వేయిద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోదు. "అచ్చయితే ఎవడూ చదవడు అమ్మాయ్. చేతిరాతయితే ఎవరో తమకోసం రాసినట్టుంటుంది" అంటుంది. పాలకోవాకు రెండు రోజులు. కొబ్బరి ఉండలకు పది. నువ్వుల పట్టీకి నెల. కారప్పూసకు మూడు వారాలు. ప్రతి చీటీ కింద ఒకటే వాక్యం: తడి చెయ్యి పెట్టకండి. ముప్పై ఏళ్లలో నేను రాసింది పన్నెండేళ్లు. ఆ వాక్యం నాకు నిద్రలో కూడా వస్తుంది.

రోజుల లెక్క ఆవిడ గాల్లోంచి తీసింది కాదు. అంతా నీళ్ల లెక్కే అంటుంది. పాలకోవాలో తేమ ఎక్కువ, కాబట్టి రెండు రోజులకే పులుపు తిరుగుతుంది. కారప్పూసను నూనెలో బుడగలు పూర్తిగా ఆగేదాకా వేయించి, గుడ్డ మీద బాగా చల్లారనిచ్చి డబ్బాకెత్తితే మూడు వారాలు కరకరలాడుతుంది. వేడి మీద మూత పెడితే డబ్బా లోపల చెమట పడుతుంది, నాలుగో రోజుకు మెత్తబడుతుంది. పచ్చి కొబ్బరి మరీ పెంకిది. కోరు తడి ఆరేదాకా వేయించాలి. బెల్లం పాకం చల్లటి నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య గట్టి ఉండ కట్టాలి. ఆ తర్వాత రెండూ కలిపి మూకుడు అంచు వదిలేదాకా తిప్పాలి. పాకం లేతగా ఉండగానే దించేస్తే ఆ రోజుకు ఉండలు ముద్దొస్తాయి. ఐదో రోజుకు బూజొస్తుంది.

ఇంత తెలిసినా ఆవిడ తనను తాను నమ్మదు. ప్రతి మూకుడులోంచీ మూడు ఉండలు తీసి గాజు సీసాలో వేసి, మూకుడు నంబరు రాసి వంటింటి అలమరలో పెడుతుంది. ఫ్రిజ్‌లో కాదు, బయటే, జనం ఇళ్లలో ఉన్నట్టే. డబ్బాల మీద నేను రాసే చీటీలోనూ అదే నంబరుంటుంది. ఎవరైనా ఫిర్యాదుతో వస్తే ఆ నంబరు సీసా దించి చూస్తుంది. పన్నెండేళ్లలో సీసా ఒక్కసారి కూడా ఆవిడ మాట తప్పించలేదు. దాంతో మా పెద్దమ్మకు కాస్త తలబిరుసు వచ్చిందని నేనే అంటాను. ఇంకెవరైనా అంటే ఊరుకోను.

ఈ పనిలో ఆవిడకు కుడిభుజం ఆవిడ చెల్లెలు. వీధికి చిన్నమ్మ. ఇరవై ఆరేళ్లుగా కొబ్బరి కోరడం, పిండి కలపడం, పాకం చూసేటప్పుడు పక్కన నీళ్ల గిన్నె పట్టుకొని నిలబడడం ఆమె పని. గరిటె మాత్రం అక్కదే. పాకం ఎవరికీ అప్పగించేది కాదు.

పోయిన పండుగకు ముందు పెద్దమ్మ బాత్‌రూమ్‌లో జారి నిజంగానే కుడిభుజం విరగ్గొట్టుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్లకూడదన్నాడు డాక్టరు. చెయ్యి మెడకు కట్టుకొని ముందు గదిలో కూర్చుంది. గరిటె చెల్లెలి చేతికి వెళ్లింది.

"ఇరవై ఆరేళ్లు చూసింది. నా కళ్లతోనే చూసింది. ఇంకేం కావాలి?" అని నాతో అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను. అంత నమ్మకం నేను మా ఆయన మీద కూడా పెట్టలేదు.

కొబ్బరి ఉండలు తొమ్మిది మూకుళ్లు దిగాయి. ఉండలు చుట్టింది, డబ్బాలకెత్తింది అంతా వెనక వసారాలోనే. తొమ్మిది సీసాలూ అలమరకెక్కాయి. పెద్దమ్మ ముందు గదిలోంచే చిన్నమ్మను మెచ్చుకుంది. ఎప్పుడూ చీకటి పడేదాకా సాగే పని మధ్యాహ్నానికే అయిపోయిందని మేమంతా మురిసిపోయాం. తొందర ఎక్కడిదో ఎవరం అడగలేదు.

ఐదో రోజు ఉదయం ఎదురింటి వాచీలాయన డబ్బా పట్టుకొని వచ్చాడు. వాచీలు బాగుచేసే మనిషి. పెద్దగా మాట్లాడడు. రోజుకొక ఉండ, అదీ టీ తాగాక. డబ్బా తెరిచి చూపించాడు. ఉండల మీద తెల్లటి నూగు.

"ఏడో మూకుడు" అని చీటీ చదివి పెద్దమ్మ నాతో సీసా దింపించింది. ఏడో సీసాలో మూడు ఉండలూ పొడిగా, నిక్షేపంగా ఉన్నాయి.

"మీరు తడి చెయ్యి పెట్టి ఉంటారు" అంది.

"లేదు పెద్దమ్మ గారూ. నాది వాచీల పని. తడి చేత్తో ముట్టుకుంటే స్ప్రింగు తుప్పు పడుతుంది. నా చేతులు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి."

"అయితే తడి చెంచా పెట్టి ఉంటారు. చీటీ చదవలేదా? సీసా అబద్ధం చెప్పదండీ. మనుషులు చెప్తారు."

గదిలో అప్పటికి నలుగురు కొనడానికి వచ్చి ఉన్నారు. ఆయన డబ్బా మూత పెట్టుకొని వెళ్లిపోయాడు. నేను కూడా ఆవిడ పక్షమే. చీటీ నా రాత కదా, చదవలేదంటే నాకూ ఒళ్లు మండింది.

మర్నాడు మరో ఇద్దరొచ్చారు. ఒకరిది నాలుగో మూకుడు, ఒకరిది ఎనిమిది. రెండు డబ్బాల్లోనూ అదే నూగు. రెండు సీసాల్లోనూ మచ్చ కూడా లేదు.

ఈసారి పెద్దమ్మ ఎవరినీ తప్పుపట్టలేదు. తొమ్మిది సీసాలూ దింపి వరసగా కిటికీ వెలుగులో పెట్టమంది. చాలాసేపు చూసింది. నాకేమీ కనిపించలేదు. అన్నీ ఒకేలా, చక్కటి ముదురు గోధుమ రంగులో ఉన్నాయి.

"అదే అమ్మాయ్" అంది. "తొమ్మిది మూకుళ్లు ఎప్పుడైనా ఒకే రంగు వస్తాయా? ఒకసారి మంట ఎక్కువవుతుంది, ఒకసారి బెల్లం నల్లగా ఉంటుంది. ముప్పై ఏళ్లలో నాకెప్పుడూ రెండు కూడా ఒక్కలా రాలేదు. ఇవన్నీ ఒకే మూకుట్లోవి."

ఎడంచేత్తో ఎనిమిదో సీసాలోంచి ఒక ఉండ తీసి పళ్లెంలో వేసింది. టక్కుమంది. ఫిర్యాదుకొచ్చిన ఎనిమిదో నంబరు డబ్బాలోని ఉండను వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది. ఒకే మూకుట్లోంచి రెండు పాకాలు రావు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకోవడం కన్నా, పట్టుకున్నాక నిలబడడమే కష్టమని నేను ఆ రోజు చూశాను. ఆవిడ స్టూలు మీద కూలబడింది.

చిన్నమ్మను పిలిచింది. చిన్నమ్మ సీసాల వరస చూసింది. ఇంక బుకాయించలేదు.

"ఒక్క మూకుడు నువ్వు చేసినట్టే చేశాను. సీసాలకు అందులోంచి తీశాను. మిగతావి కాస్త ముందే దించేశాను. నిన్నడక్కుండా అదనంగా ఆర్డర్లు ఒప్పుకున్నాను, తెమలదని భయమేసింది."

"నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేది కదే. ఆర్డర్లు వద్దనేవాళ్లం. లేదంటే చీటీ మీద మూడు రోజులని రాయించేవాళ్లం."

"నీతో ఎవరు చెప్పగలరక్కా? నీకు కావాల్సింది సీసాలో బాగుండడమేగా. ఇరవై ఆరేళ్లు గిన్నె పట్టుకున్నాను, ఒక్కసారైనా గరిటె ఇచ్చావా? చెయ్యి విరిగాక ఇచ్చావు. అదీ నా మీద నమ్మకంతో కాదు, సీసా మీద నమ్మకంతో."

పెద్దమ్మ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ ఏడవలేదు. నాకు మాత్రం చిన్నమ్మ చెంప పగలగొట్టాలనిపించింది. బూజు పట్టిన ఉండలు పిల్లలు తింటారన్న ఆలోచన కూడా లేకుండా, మంచివి ఏరి సీసాల్లో పెట్టిన ఆ చేతిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ పూటంతా పెద్దమ్మా నేనూ కొన్నవాళ్ల ఇంటింటికీ తిరిగాం. "పైన బూజు గీకేసి తినకండి. కనిపించకపోయినా లోపల ఉంటుంది. మొత్తం పారేయండి. తప్పు మాది" అని పెద్దమ్మ ప్రతి గుమ్మంలోనూ తనే చెప్పింది. మెడకు కట్టిన చెయ్యితో అన్ని మెట్లూ ఎక్కింది. చిన్నమ్మ పేరు ఎక్కడా ఎత్తలేదు.

ఎదురిల్లు ఆఖరికి మిగిలింది. వాచీలాయన కంటికి భూతద్దం పెట్టుకొని పనిలో ఉన్నాడు.

"మీరు తడి చెయ్యి పెట్టలేదండీ" అంది పెద్దమ్మ.

"నేనూ అదే చెప్పానమ్మా" అన్నాడు ఆయన, భూతద్దం తీసి. "ఇరవై రెండేళ్లుగా మీ ఎదురింట్లో ఉన్నాను. సీసాను నమ్మారు." స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేకపోయింది.

చిన్నమ్మ ఆ వారంలోనే వేరే వీధిలో గది తీసుకుంది. పెద్దమ్మ భుజం అతుక్కుంది గానీ, పెద్ద గరిటె తిప్పితే ఇప్పటికీ లాగుతుంది. కొన్నాళ్లకు నాతో మెత్తగా అంది, "దానికి పాకం చేతకాలేదు అమ్మాయ్. కంగారుపడింది. నేను ముందే నేర్పి ఉండాల్సింది. తప్పు సగం నాదే." అలా అనుకుంటే ఆవిడకు నిద్ర పడుతోందని నేను ఎదురు చెప్పలేదు.

ఈ పండుగకు ఆవిడ మళ్లీ పొయ్యి ముందు నిలబడింది. నీళ్ల గిన్నె నేను పట్టుకున్నాను. అలమరలో సీసాలు లేవు. ప్రతి మూకుడులోంచీ మూడు ఉండలు డబ్బాలో వేసి వాచీలాయనకు ఇచ్చి వచ్చింది, ఎన్నో రోజుకు ఎలా ఉన్నాయో చెప్పమని.

పదో రోజు సాయంత్రం ఆయన వచ్చాడు. అన్నీ బాగున్నాయన్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"చెప్పకపోతే బాగోదు. మీ చెల్లెలి దగ్గర కూడా ఒక డబ్బా కొన్నానమ్మా. ఇప్పుడు తన పేరు మీదే అమ్ముతోంది. అవీ ఇవాళ్టికి పది రోజులు. పొడిగా, గట్టిగా, ఒక్క మచ్చ లేదు. మీ చేతివే అనుకున్నాను."

పెద్దమ్మ చేతిలో గుడ్డ ఉంది. దాంతో మూకుడు తుడవడం ఆపలేదు. ఆయన మెట్లు దిగి వెళ్లాక నావైపు చూసింది.

"అయితే దానికి పాకం వచ్చు" అంది.