‘అండి’ అంటే నేనొస్త

ఆ శనివారం పొద్దున్నే కాకినాడలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి, "ఇవాళ కూడా ఆఫీసుందమ్మా, సాయంత్రం దాకా ఫోన్ తియ్యను" అని చెప్పాను. ఆఫీసూ లేదు, పాడూ లేదు. యాప్‌లో పరిచయమైన ఒకాయన్ని మధ్యాహ్నం హైటెక్ సిటీలో కలవబోతున్నాను. ముప్పై ఆరేళ్ళొచ్చినదాన్ని, టెస్టింగ్ టీములో నలుగురికి పని చెప్పేదాన్ని, ట్యూషన్ ఎగ్గొట్టిన పిల్లలా అమ్మకి అబద్ధం చెప్పాను. ఫోన్ పెట్టేశాక అద్దంలో నా మొహం నేనే చూసుకోలేకపోయాను.

అంత సిగ్గెందుకంటే, మా ఇళ్ళలో మనిషిని చూడటమంటే పదిమందితో కలిసి చూడటమే. నా పెళ్ళిచూపులకి రెండు వైపులవాళ్ళతో హాలు నిండిపోతే పక్కింటినుంచి కుర్చీలు తెచ్చి వేశారు. అంతమంది చూసి, ఆరా తీసి, బంగారంలాంటి సంబంధం అని చేసిన పెళ్ళి మూడేళ్ళు నిలవలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఊసే ఎత్తలేదు నేను. ఇప్పుడు మూసాపేట ఫ్లాట్లో ఒక్కదాన్నే కూర్చుని, ఫోన్లో ఫొటోలు పక్కకి తోసుకుంటూ తోడు వెతుక్కుంటున్నానని ఎవరితో చెప్పుకోను? ఎవరికీ చెప్పకుండా వెళ్ళొచ్చేద్దాం అనే అనుకున్నాను.

ఆఫీసులో నా పక్క సీటు పిల్ల పడనిచ్చిందా! చేవెళ్ళ దగ్గరి పల్లె వాళ్ళది. నాకంటే చాలా చిన్నది, నోరు మాత్రం పెద్దది. మొగుణ్ణి కూడా యాప్‌లోనే చూసుకుంది, ఆ సంగతి క్యాంటీన్‌లో అందరికీ నవ్వుతూ చెప్తుంది. ఆ వారం మధ్యలో ఒకరోజు అన్నం తింటుంటే నా ఫోన్ వెలిగింది. నాకంటే ముందు అదే చూసింది.

"ఎవరక్కా?"

"ఎవరూ లేరు. తిను."

"ఎవరూ లేకుంటే చెవులెందుకు ఎర్రగైతున్నయి?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఎవరితోనైనా అనాలని లోపల ఎంత ఉందో ఏమో, మొత్తం కక్కేశాను. పడిపడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చెంచా కింద పెట్టి, "పోతున్నట్టు ఎవరికి చెప్పినవ్?" అని అడిగింది.

"ఎవరికి చెప్తానే? సిగ్గు లేదూ?"

"గదే తప్పక్కా. మనిషిని కలుసుడు తప్పు గాదు. ఎవ్వరికి చెప్పకుండ పోవుడు తప్పు. నీ పెళ్ళిసూపులప్పుడు మీ పెద్దోళ్ళు పిలగాడు ఎసుంటోడు, ఏడ పని చేస్తడు అని ఆరా తియ్యలేదా? ఇప్పుడు గా పెద్దరికం నువ్వే చెయ్యాలె. సిగ్గువడితే ఎట్ల?"

మరి ఆ పెద్దోళ్ళ ఆరా ఏమైందో తెలుసా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అది అప్పటికే నా ఫోన్ లాక్కుంది. ఆయన ఫొటో తీసి నెట్‌లో వెతికింది, అదే ఫొటో ఇంకో పేరుతో ఎక్కడైనా ఉందేమోనని. లేదు. "గింతతోనే నమ్మకు" అంది. వీడియో కాల్‌లో మాట్లాడావా అంది, లేదన్నాను. ఆ రాత్రి మాట్లాడించింది. ఫొటోలో ఉన్న మనిషే, కాస్త జుట్టు తగ్గాడు, అంతే. ఇంటిపేరు, ఆఫీసు పేరు ఆయనకింకా చెప్పొద్దంది. ఆయన మూసాపేట వచ్చి కార్లో తీసుకెళ్తానన్నాడని మురిసిపోతూ చెబితే నన్ను తినేసేలా చూసింది.

"ఇల్లు సూపియ్యకు. నీయంతల నువ్వు పో, నీయంతల నువ్వు రా. పగటిపూట, నలుగురున్న కాడ. జాగ మారుద్దామంటే ఇయ్యాల గాదు, ఇంకోరోజు అను. గంతే."

అలా మెట్రో స్టేషన్ పక్క మాల్‌లో కాఫీ షాపు ఖాయమైంది. ఆయన ఫొటో, నంబరు, కలిసే చోటు, టైము అన్నీ దానికి పంపించాను. అది కింద ఫుడ్ కోర్టులో కూర్చుంటుంది, అరగంట తర్వాత ఫోన్ చేస్తుంది. నాకేదైనా ఇబ్బందిగా ఉంటే ఒక గుర్తు మాట అనాలి. నేను 'గ్యాస్ బుక్ చేశావా' అందామన్నాను.

"టెన్షన్ల గవన్నీ యాదికుంటయా? అలవాటున్న మాటే ఉండాలె. నువ్వు నన్ను ఎన్నడన్నా 'అండి' అన్నవా?"

"నిన్నా? నీ మొహానికి అండీ కూడానా!"

"గదే. నాతోని 'అండి' అన్నవంటే నేనొస్త. ఎదురుంగ కూసున్నోనికి కూడ అనుమానం రాదు."

ఇద్దరం నవ్వుకున్నాం. మా కాకినాడవాళ్ళు కుక్కని కూడా లేవండీ అంటారని అది ఎప్పుడూ ఏడిపించేదే.

శనివారం దాని మాట ప్రకారం పెరుగన్నం తిన్నాను. ఖాళీ కడుపుతో వెళ్తే చేతులు వణుకుతాయట. ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టాను, ఎక్కడున్నానో దానికి కనబడేలా లొకేషన్ పంపాను. అమీర్‌పేటలో రైలు మారి, చెప్పిన టైముకంటే ముందే చేరుకున్నాను. తలుపు కనబడే బల్ల చూసుకున్నాను, బయటికి దారి ఎటో చూసుకున్నాను. గుండె దడదడలాడుతుంటే ఊపిరి పీల్చినదానికంటే మెల్లగా వదలమని అదే చెప్పింది, అలాగే వదిలాను. నిజం చెప్పొద్దూ, రెండు నిమిషాల్లో చేతులు చల్లబడటం తగ్గింది. తగ్గనిదల్లా ఆ సిగ్గే. పక్క బల్లవాళ్ళందరికీ నేనెందుకొచ్చానో తెలిసిపోయినట్టే ఉంది.

ఆయనొచ్చాడు. రాజమండ్రి మనిషి, మాట మెత్తన. నా కాఫీ నేనే కౌంటర్ దగ్గరికెళ్ళి తెచ్చుకున్నాను. కప్పు వదిలి ఎక్కడికీ కదల్లేదు. ఆఫీసు బస్సులు, మేనేజర్లు, మా వైపు ఎండలు... నాకు నవ్వొచ్చింది కూడా. ఎన్నాళ్ళకో ఒక మగమనిషి ఎదురుగా కూర్చుని హాయిగా నవ్వాను. ఇంత మంచివాడి కోసమా ఇన్ని కాపలాలు అని నామీద నాకే అసహ్యమేసింది.

అప్పుడాయన, "ఇక్కడ గోలగా ఉందండి. ఊరి బయట, నార్సింగి అవతల ఒక చోటుంది, ప్రశాంతంగా ఉంటుంది. కారు కిందే ఉంది" అన్నాడు.

"పర్లేదండి, ఇక్కడే బాగుందండి."

"మొహమాటపడకండి. నేనేం తినెయ్యను లెండి."

"అబ్బే, అది కాదండి. ఇంకోసారి వెళ్దామండి."

ఆయన కప్పు పక్కకి జరిపి, నవ్వు ఆపాడు. "అంటే నా మీద నమ్మకం లేదన్నమాట."

ఆ మాటతో తల కొట్టేసినట్టయింది. ఇంకోరోజు అను, గంతే, అని దాని మాట చెవిలో ఉంది. తెలుసు. అన్నీ తెలుసు. అయినా నా నోరు, "అయ్యో, అదేం లేదండి. సరే, పదండి" అంది. నేను లేచాను. బ్యాగు భుజాన వేసుకున్నాను. అప్పుడే ఫోన్ మోగింది.

"అక్కా, ఎట్లుంది?"

ఆయన నన్నే చూస్తున్నాడు. "బాగానే ఉందండి" అన్నాను.

"ఏందక్కా?"

"అంతా బాగానే ఉందండి. ఏం పర్లేదండి."

ఫోన్ కట్టయింది. పార్కింగ్‌కి వెళ్ళే లిఫ్టు దగ్గర నిలబడ్డాకగానీ నేనేమన్నానో నాకు తట్టలేదు. ఓరి దేవుడా! అరగంట నుంచీ ఆయన్ని అండీ అండీ అనీ అనీ నాలుక అక్కడే ఉండిపోయింది. మళ్ళీ ఫోన్ చేసి చెప్దామని తీసేలోపే అది ఎస్కలేటర్ మీద పరిగెత్తుకుంటూ వచ్చేసింది, రొప్పుతూ.

"అక్కా, నడు నడు! మీ ఓనర్ ఫోన్ చేసిండు. నీ ఫ్లాట్ల పైపు పలిగిందంట, నీళ్ళు కిందింట్లకి కారుతున్నయంట!"

"అయ్యో, నేను కార్లో దింపుతానండి" అన్నాడాయన.

"అద్దన్నా, మెట్రోల జల్దీ పోతం."

ఆ మాటతో వెళ్ళిపోతే గొడవే లేకపోను. నా నోరుంది చూశారూ! సిగ్గుతో బుర్ర పనిచెయ్యక, "పైపూ లేదు ఏమీ లేదే, నేను పొరపాటున అండీ అన్నానే!" అని ఆయన ముందే అనేశాను.

ఆయనకి అర్థమైపోయింది. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఓహో, కాపలా పెట్టుకొచ్చారా! నేనేం దొంగనాండీ?" అని గట్టిగానే అన్నాడు. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు. "అట్ల కాదన్నా, మా అక్క గదా, జర ఫికర్ ఉంటది" అంది అది. ఆయన లిఫ్టెక్కాడు. తలుపులు మూసుకునేదాకా నేను తలెత్తలేదు. భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

ప్లాట్‌ఫాం మీద దాన్ని పట్టుకుని కడిగేశాను. "నా పరువు తీశావు కదే! ఆ మనిషి ఎంత బాధపడ్డాడో! పైపంట, పైపు!"

అది రైలెక్కాక మెల్లగా అంది. "మంచోడేనేమో అక్కా. నాకు తెల్వదు, నీకూ తెల్వదు. తెల్వదు గనకనే గదా గిదంతా. మంచోడైతే ఇంటికి చేరినవా అని ఒక మెసేజ్ పెడ్తడు సూడు."

అమీర్‌పేటలో దిగి యాప్ తెరిచాను. ఆయన పేరు అక్కడ లేదు, నన్ను తీసేశాడు. దానర్థం ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. చెడ్డవాడై దొరికిపోయాడో, మంచివాడై మనసు విరిగిందో. రెండోదైతే ఆ మనిషి ముందు నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

కానీ మూసాపేట రైల్లో నిలబడి నేను తలుచుకుంటున్నది ఆయన్ని కాదు. కాపురం చేసిన ఆ మూడేళ్ళలో ఒక్కరోజు కూడా నేను 'వద్దు' అన్న మాటే అనలేదు. ఇష్టం లేని ప్రతిదానికీ సరేనండి అన్నాను. ఇవాళ కూడా అదే అన్నాను, బ్యాగు కూడా భుజాన వేసుకున్నాను.

అది నా మొహంలోకి చూస్తూ అడిగింది. "అక్కా, నిజం చెప్పు. నేను రాకుంటే కారెక్కుతుంటివా?"

"లేదండి" అన్నాను.

అన్నాక నాకే వినబడింది. తలుపు వైపు తిరిగిపోయాను. అది నా చెయ్యి పట్టుకుంది, మూసాపేట వచ్చేదాకా వదల్లేదు.